బీచుపల్లికి రాసిన మర్యాద ఉత్తరం

కరెంటు ఆఫీసులో జవాబులు రాయడం నా పని. నా తెలుగు మీద నాకు కాస్త ఎక్కువే నమ్మకం.

ఎడ్ల బేరాలు చేసే బీచుపల్లి, బిల్లు మూడింతలు వచ్చిందనీ మీటరు మళ్లీ చూడమనీ ఉత్తరం ఇచ్చాడు. కట్టకపోతే కరెంటు తీసేస్తామని జవాబు రాశాను. మా ఏఈ ఇష్రత్ మేడం అది చదివి, "గిట్ల బెదిరిస్తరా ఏంది? జర మర్యాదగ రాయుండ్రి" అన్నారు.

తిరగరాశాను. "గౌరవనీయులైన తమరు" అని మొదలుపెట్టి, రీడింగు సరిచూడడానికి మంగళవారం లైన్ ఇన్‌స్పెక్టర్ వస్తారనీ, దయతో ఇంట ఉండి సహకరించ ప్రార్థన అనీ ముగించాను. చదువుకుని నేనే మురిసిపోయాను.

మంగళవారం ఇన్‌స్పెక్టర్ వెళ్తే ఇంటికి తాళం. బీచుపల్లి నా బల్ల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"గింత మర్యాద చేసిన్రంటే కేసు గిట్ల వెట్టిన్రా సార్? మస్తు పరేషాన్ అయితున్న."

"మీటర్ చూసేటందుకే ఇన్‌స్పెక్టర్ వచ్చిండయ్యా. ఇంటికి పో!" అన్నాను.

"గట్లనే రాస్తే అయిపోతుండె గద సార్!"

మేడం ఫోన్ చేసి ఇన్‌స్పెక్టర్‌ను అక్కడే ఆపారు. బీచుపల్లి వెళ్లి తాళం తీశాడు. బిల్లులో వేసిన రీడింగు దాకా మీటరు అప్పటికీ చేరనే లేదు.

తగ్గించిన బిల్లు కోసం వచ్చినప్పుడు, ఆ ఉత్తరం చింపేయమన్నాను.

"చింప సార్. మా ఇంట్ల నన్ను తమరు అన్నోళ్లు లేరు. మా ఆడామెకు దినాం సదివి వినిపిస్తున్న."