చెంప మీద నీలం

అమలాపురంలో మా ఫోటో స్టూడియోకి ఎవరొచ్చినా, అడక్కుండానే మొహాన్ని రెండు ఛాయలు తెల్లగా తేల్చేస్తాను. పెళ్లికూతురైనా పాస్‌పోర్టు ఫోటో అయినా అంతే. ఏళ్ల తరబడి అలవాటు, చెయ్యి దానంతటది వెళ్లిపోతుంది.

కువైట్‌లో నర్సుగా చేస్తున్న ఒకమ్మాయి వాళ్లమ్మ బొమ్మ వేసిమ్మని ఫోన్ చేసింది. ఆవిడది మా వీధి చివర బజ్జీల బండి. "చీకటి పడ్డాక, బండి దగ్గర, ఆ షాపుల లైట్ల వెలుగులో వెయ్యాలండి. అమ్మ నాకు అలాగే గుర్తండి" అంది. పంపిందేమో చర్చి ముందు మిట్టమధ్యాహ్నం తీసిన ఫోటో.

కంప్యూటర్‌లో ముందుగా నడినెత్తి ఎండకు కళ్ల కింద, ముక్కు కింద పడ్డ నీడలు తీసేశాను. వీధిలో వెలుగు పక్కల నుంచి వస్తుంది. బండికి ఎడమ పక్క మందుల షాపు ఎర్ర బోర్డు, కుడి పక్క సెల్‌ఫోన్ల షాపు నీలం బోర్డు. వాన వెలిసిన రోడ్డు మీద ఆ రెండు రంగుల్నీ బోర్డుల కంటే కాస్త మసకగా, చూసేవాడి వైపు పొడుగ్గా సాగదీశాను. ఎరుపు ఆవిడ ఎడమ చెంపలో చక్కగా ఇంకింది. నీలమే పట్టలేదు. నల్లటి ఒళ్లు నీలాన్ని మింగేస్తుంది, చెమట మెరిసిన చోటే అది కనబడుతుంది. నుదుటి అంచున, చెంప ఎముక మీద సన్నగా అద్ది ఊరుకోవాలి. ఆ సంగతి నాకు తెలుసు. తెలిసే, చర్మాన్ని తేల్చేశాను. సున్నం గోడకు పట్టినట్టు నీలం పట్టేసింది. భలే వచ్చిందని మురిసిపోయాను కూడా.

మర్నాడు సాయంత్రం బండి దగ్గరికెళ్లి ఫోన్‌లో చూపించాను. ఆవిడ శనగపిండి చేతులు కొంగుకు తుడుచుకుని చాలాసేపు చూసింది.

"చీర నాదేనండి. బండీ నాదేనండి. ఈవిడెవరండీ?"

"నీలం లైటు పడితే మనిషి అలాగే కనబడతారండి" అన్నాను. పచ్చి అబద్ధం.

ఆవిడ చెయ్యి ఆ నీలం బోర్డు వెలుగులోకి చాపింది. నల్లటి చెయ్యి నల్లగానే ఉంది. నూనె చిందిన మణికట్టు మీద, గాజుల అంచున మాత్రం నీలం మెరిసింది.

"మీరూ నా రంగే కదండి" అంది. కోపంగా అనలేదు. కోప్పడినా బాగుండేది. నా తల కొట్టేసినట్టయింది.

ఆ చేతినే గుర్తుపెట్టుకుని మళ్లీ వేశాను. ఆవిడ చూసి "ఆయ్, ఇది నేనేనండి" అంది.

కువైట్ నుంచి ఆ అమ్మాయి ఫోన్ చేసి ఏడ్చింది. "అందరూ అమ్మని తెల్లగా చేసేస్తారండి. మీరొక్కరే ఉన్నదున్నట్టు వేసేరు."

మొదటి బొమ్మ సంగతి వాళ్లమ్మ చెప్పలేదన్నమాట. నేనూ చెప్పలేదు. "ఆయ్, సంతోషమండి" అన్నాను.