పుణె నుంచి ఎవరో

ఆ రోజుల్లో నేను కడపలో ఒక ఇంటర్నెట్ సెంటర్లో పనిచేసేదాన్ని. ఊళ్లో బండల వ్యాపారులకు వెబ్‌సైట్లు చేసివ్వడం నా పని. మా నాన్నదీ బండల దుకాణమే కాబట్టి, ఖాళీ దొరికినప్పుడల్లా కూర్చుని మాకూ ఒక చిన్న సైటు చేశాను. పాలిష్ పట్టిన నల్లబండల ఫొటోలు ఒక పేజీలో, దుకాణమూ మా వీధీ కనిపించే పాత ఫొటో ఇంకో పేజీలో పెట్టాను. ఎవరైనా చూస్తున్నారో లేదో తెలియడానికి ఉచితంగా దొరికే కౌంటర్ ఒకటి తగిలించాను.

వచ్చినవాళ్లది ఏ ఊరో ఉజ్జాయింపుగా, ఎప్పుడు వచ్చారో, ఏ పేజీ తెరిచారో అది చూపించేది. కొన్నాళ్లకు ఒక సంగతి గమనించాను. పుణె నుంచి ఎవరో మళ్లీ మళ్లీ వస్తున్నారు. బండల వైపు చూడరు. నేరుగా వీధి ఫొటో తెరుస్తారు, కాసేపుండి వెళ్లిపోతారు.

అప్పటి నుంచి నాకు కుదురు లేదు. మా అన్న నాన్నతో గొడవపడి ఇల్లు వదిలి ఏళ్లయింది. మధ్యలో ఒక్కసారి ఫోన్ చేసి, "పుణెలో ఉండా, బాగుండా" అని పెట్టేశాడు. అంతే, మళ్లీ జాడ లేదు. ఇంట్లో చెబితే అమ్మ ఆశ పెట్టుకుంటుందని చెప్పలేదు. సెంటర్ ఓనరుకు మాత్రం చెప్పాను. ఆయన్ని అందరం భాయ్ అనేవాళ్లం.

"ఆ పేజీలో ఒక మాట రాసి పెట్టమ్మా, చూస్తాడు గదా" అన్నాడు భాయ్.

"బెదిరిపోయి మళ్లా రాకపోతే?"

నేను రోజూ పొద్దున్నే వచ్చి, కసువు కూడా ఊడ్చకముందే కౌంటర్ లాగ్, అంటే వచ్చినవాళ్ల పట్టిక, తెరిచేదాన్ని.

అంతలో కర్నూలులో మా మేనమామ కూతురి పెళ్లి వచ్చింది. తలంబ్రాలు పోస్తున్నా నా మనసు కడపలోనే ఉంది. భోజనాలు కాగానే షేర్ ఆటో ఎక్కి, పక్కనున్న కల్లూరులో ఇంటర్నెట్ ఉందంటే వెళ్లాను. కరెంటు లేదు. ఎప్పుడొస్తుందని అడిగితే, "ఎవరికి తెల్సప్పా!" అని దుకాణాయన విసనకర్ర ఊపుకున్నాడు.

కడపకు తిరిగొచ్చి లాగ్ తెరిస్తే అన్నీ కొత్త ఊళ్లే. హైదరాబాదు, చెన్నై, బెంగుళూరు. ఇళ్లు కట్టుకునేవాళ్ల వెబ్‌సైటు ఏదో మా నల్లబండల ఫొటోలకు లింకు ఇచ్చిందట, జనం విరగబడ్డారు. కిందికి ఎంత జరిపినా ఆ పొద్దుటి రాకలే. పుణె లేదు. పాత రోజులవీ ఒక్కటీ లేవు.

"ఫ్రీ అకౌంటు గదమ్మా," అన్నాడు భాయ్ స్క్రీన్ మీదికి వంగి. "కడాన వచ్చిన నూరు రాకల వివరమే పెట్టుకుంటాది. కొత్తది వస్తే పాతది పోతాది. మొత్తం ఎంతమంది వచ్చినారనేది మాత్రం ఉంటాది, సూడు."

మొత్తం సంఖ్య నిజంగానే ఉంది, పైగా బాగా పెరిగింది. అందులో మా అన్న ఎక్కడున్నాడో చెప్పేదెవరు? మా సైటుకు వచ్చేవాళ్లు తక్కువ కాబట్టి నూరు నిండడానికి వారాలు పట్టేది. అందుకే ఆ హద్దు ఉందన్న సంగతే నాకు తట్టలేదు.

భాయ్ బెంగుళూరులో ఉన్న తమ్ముడికి ఫోన్ చేసి, అతని కార్డుతో డబ్బు కట్టే ప్లానుకు మార్పించాడు. ఆత్రంగా మళ్లీ తెరిచాను. లాగ్ హద్దు పెరిగింది కానీ, పోయినవి రాలేదు. కంపెనీకి రాస్తే జవాబొచ్చింది: హద్దు దాటగానే పాత వివరాలు తుడిచేస్తాం, తర్వాత డబ్బు కట్టినా వాటిని తిరిగి తేలేం, ఇక మీదట వచ్చేవి ఎక్కువకాలం నిలుస్తాయి.

ఆ మధ్యాహ్నం నాకు తెగింపు వచ్చింది. వీధి ఫొటో కింద తెలుగు మాటల్నే ఇంగ్లీషు అక్షరాల్లో టైపు చేశాను. 'పుణె నుంచి చూస్తున్న మీరు ఎవరైనా సరే, ఒక్కసారి ఫోన్ చేయండి.' సెంటర్ నంబరు పెట్టాను. ఫోన్ మోగినప్పుడల్లా లేచి నిలబడేదాన్ని. భాయ్ నన్ను చూసి రిసీవర్ నాకే ఇచ్చేవాడు.

ఒక రోజు పుణె వచ్చింది లాగ్‌లోకి. కాసేపటికే ఫోన్ మోగింది. ఆడగొంతు.

"ఆ ఫొటో పెట్టింది నువ్వేనా పాపా? మీ దుకాణం పక్కన నీలం తలుపుల ఇల్లు ఉండాది సూడు, అది మాదే. నేను పెండ్లయి ఈడికి వచ్చినాక రోడ్డు కోసం కొట్టేసినారంట. మా తాన ఒక్క ఫొటో కూడా లేదు. అందుకే సూస్తాంటా."

రిసీవర్ పట్టుకునే కుర్చీలో కూర్చున్నాను. ఆమె "హలో, హలో" అంటోంది. చివరికి, అన్న సంగతి ఆమెకే చెప్పేశాను. ఆమె అంతా విని, "మా ఆయన పనీ బండలు పరిచేదే. మన సీమోళ్లు ఈడ శానామంది ఉండారు. ఎట్ల ఉంటాడో చెప్పు, అడుగుతా" అని తన ఫోన్ నంబరు రాయించింది.

ఆ సాయంత్రం ఇంటికెళ్లి అమ్మకు అంతా చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. చేతులు కొంగుకు తుడుచుకుని, "ఆ పిల్ల నంబరు ఇయ్యి" అంది. ఎస్టీడీ బూత్‌కు నన్ను తోడు తీసుకెళ్లి, అన్న ఎత్తు, రంగు, ఎడమ కనుబొమ్మ మీది గాటు అన్నీ చెప్పింది. ఆ తర్వాత, "మీయమ్మ యాడుండాది ఇప్పుడు?" అని అడిగింది. ఇద్దరూ వీధి సంగతుల్లో పడిపోయారు. నేను బిల్లు మీటరు మీద ఎర్ర అంకెలు మారుతుంటే చూస్తూ, లోపలికీ వీధిలోకీ తిరుగుతూనే ఉన్నాను.