కాలు జారిందని రాశాను

మంగంపేట ముగ్గురాయి గనుల దగ్గర ఒక చిన్న నర్సింగ్ హోంలో నేను నర్సుగా పనిచేసేదాన్ని. చెవి చురుకైనదాన్నని నాకు మహా గర్వం. రోగి నోరు తెరిచేలోపే సగం రాసేసేదాన్ని. పక్కింటివాళ్ళతో మాట్లాడి నేర్చుకున్న నాలుగు ఉర్దూ ముక్కలతో ఏ దేశపు కూలీనైనా నెట్టుకురాగలనని ధీమా.

ఒక ఉదయం బీహారు నుంచి గని పనికి వచ్చిన మనిషిని అతని భార్య పట్టుకుని తీసుకొచ్చింది. ముప్పై ఏళ్ళుంటాయేమో. ఎముకలు లెక్కపెట్టవచ్చు, పొట్ట మాత్రం ముందుకొచ్చింది. ఆమె మాట ఉర్దూలా లేదు, మరేదో యాస. "కాలాజార్ దీదీ, కాలాజార్" అంటూ మొగుడి వైపు చూపించింది.

"కాలు జారెనా? గనిలోనా? యా కాలు?" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. నేనే వంగి అతని కాలు తట్టాను. పాపం, అతను అయోమయంగా కుడికాలు పైకెత్తి చూపించాడు. వాపు లేదు. ఎడమది ఎత్తమన్నాను, ఎత్తాడు. అక్కడున్న ఆయా నవ్వింది, నేనూ నవ్వాను. చీటీ మీద "కాలు జారి పడ్డాడు, జ్వరం" అని రాసి లోపలికి పంపాను.

ఆ చీటీ చూసిన డాక్టరుకు ఎడమ డొక్క కింద గట్టిగా పెరిగిన బల్ల తగిలింది. బల్ల అంటే ప్లీహం. పడ్డప్పుడు దెబ్బ తగిలిందేమోనని స్కానింగ్ తీయించాడు. లోపల నెత్తురు లేదు. మలేరియా పరీక్షలో ఏమీ రాలేదు. చివరికి టైఫాయిడ్ అనుకుని మందులిచ్చి ఇంటికి పంపాడు. ఆమె గుమ్మం దగ్గర ఆగి మళ్ళీ అదే మాట అంది. "సరేలేమ్మా, తగ్గుతాది, పో" అని నేనే తోలేశాను.

మూడు వారాలకు వాళ్ళు తిరిగొచ్చారు. జ్వరం తగ్గనేలేదు. ముక్కు నుంచి నెత్తురు కారుతోంది, బల్ల బొడ్డు దాకా దిగింది, ఒళ్ళు నల్లబడింది. ఈసారి కొత్తగా చేరిన కుర్ర డాక్టరున్నాడు. ఊరేదని హిందీలో అడిగాడు. ఆమె చెబుతుంటే మధ్యలో ఆపి, "కాలా ఆజార్?" అన్నాడు, విడదీసి, నెమ్మదిగా. ఆమె భోరున ఏడ్చింది. నల్ల జ్వరమట. వాళ్ళ ఊళ్ళో చిన్నపిల్లలకు కూడా తెలిసిన పేరు.

"ఇసుక ఈగ కుడితే వస్తుంది" అన్నాడు డాక్టరు.

ఆయాకు భయమేసింది. "మన ఏటి ఇసుకలో ఉండాదా సార్?"

"లేదు. పేరే అట్లా. దోమకన్నా చిన్నది, చప్పుడు చెయ్యదు. వాళ్ళ వైపు తడి మట్టిగోడల పగుళ్ళలో, పశువుల కొట్టాల్లో ఉంటుంది. ఇతను పోయిన వానలకు ఊరెళ్ళాడట, అక్కడే కుట్టుంటుంది. కుట్టిన నెలలకు గానీ బయటపడదు."

అంబులెన్సులో నేనూ కడప పెద్దాసుపత్రికి వెళ్ళాను. నా తప్పు నన్ను ఇంట్లో కూర్చోనివ్వలేదు. వేలి నెత్తురు చుక్కతో పట్టీ పరీక్ష చేశారు, ఎముక మూలుగ తీసి అందులో ఆ క్రిములను చూశారు. పాత ఇంజెక్షన్లు బీహారు వైపు పనిచేయడం మానేశాయట. నెల రోజులు మింగే మాత్రలున్నాయి గానీ ఇంత నీరసించినవాడికి అవి ఆలస్యం. నల్ల ఫంగస్ రోజుల్లో అందరం పేరు విన్న యాంఫోటెరిసిన్, కొవ్వు పొరలో పెట్టిన రకం, మనిషి బరువు చూసి లెక్కగట్టి సెలైన్లో ఎక్కించారు. ఒక్కసారి ఎక్కిస్తే చాలు. మూడు వారాలు నేను దూరంగా ఉంచిన మందు ఒక్క పూటలో ఒంట్లోకి దిగిపోయింది.

మూడో రోజుకు జ్వరం దిగింది. నాకు ప్రాణం లేచొచ్చింది. అప్పుడే దగ్గు మొదలైంది. తెల్లకణాలు అడుగంటిన ఒంట్లో ఊపిరితిత్తులకు చీము పట్టింది. ఆరో రోజు మధ్యాహ్నం అతను పోయాడు.

అక్కడి పెద్ద డాక్టరు మంచివాడు. ఆమె పక్కన కూర్చుని హిందీలో ఓదార్చాడు. మూడు వారాలు ముందే తీసుకొచ్చి, ఈ రోగం పేరు ఎవరికైనా చెప్పి ఉంటే బతికేవాడమ్మా అన్నాడు. అప్పుడు నిజం చెప్పాల్సింది నేనే, అయినా చెప్పలేదు.

ఆమె తల తిప్పి నన్నే చూసింది. మా దగ్గర విని పట్టుకున్న నాలుగు తెలుగు మాటల్లోంచి వెతుక్కుని, కోపం లేని గొంతుతో అంది.

"చెప్పినా కదక్కా."