పొగ రాని బండి

పాత మోపెడ్ పదిహేనేళ్లకు పైగా మా ఇంట్లో ఉంది. టూ స్ట్రోక్ బండి. దాని మీదే జహీరాబాద్ మార్కెట్ నుంచి టమాటా, వంకాయ, ఆకుకూరలు వేసుకుని మొగుడంపల్లి వైపు ఊళ్లు తిరిగి అమ్మేవాళ్లం. మొదట్లో మా ఆయన నడిపేవాడు, నేను గంపల మధ్య ఇరుక్కుని కూర్చునేదాన్ని. ఆయన మోకాళ్లు అరిగిపోయి, బరువు బండిని కాలు ఆనించి ఆపలేని రోజు వచ్చాక నేనే నడపడం నేర్చుకున్నాను. అప్పటి నుంచి బండి విషయంలో ఆయనకు మిగిలిన పని ఒక్కటే. పెట్రోల్లో ఆయిల్ కలపడం.

ఆ పని ఇంకెవరినీ ముట్టుకోనిచ్చేవాడు కాదు. లీటరు సీసాలో పెట్రోల్, దగ్గుమందు మూతతో కొలిచి రెండు మూతల ఆయిల్, సీసాను అటూ ఇటూ తిప్పి ట్యాంకులో పోయడం. నేను సీసా పట్టుకోబోతే, "నీకు అందాజ తెల్వది, ఇయ్యి ఇటు," అనేవాడు. నాకు తెలియక కాదు. సీసా ఆయనకే ఇచ్చేదాన్ని.

ఆ ఇంజన్‌కు లోపలి గోడ అరిగిపోతే రెండుసార్లు బోరు కొట్టించాం. మూడోసారికి సామాను దొరకలేదు. అటువంటి బండ్లు ఇప్పుడు తయారు కావడం లేదన్నారు. అప్పుడు కొత్త మోపెడ్ తీసుకున్నాం, ఫోర్ స్ట్రోక్‌ది. షోరూములో తాళం చేతికిచ్చిన మనిషి నాకు రెండుసార్లు చెప్పాడు: దీంట్లో ఉత్త పెట్రోలే పోయాలి, ఇంజన్ కింద ఆయిల్ వేరే ఉంటుంది, ఎంత ఉందో చూస్తూ ఉండాలి, సమయానికి మార్పించాలి. నేను తల ఊపాను. బండితో ఒక చిన్న పుస్తకం ఇచ్చారు. యాభై దాటాక సాయంత్రం బడిలో అక్షరాలు దిద్దుకున్నదాన్ని. కూడబలుక్కుంటూ ఆ రాత్రి తెలుగు పేజీలు చదివాను. పెట్రోల్లో ఆయిల్ కలపరాదు అని అందులోనూ ఉంది. మా ఆయనకు వినిపించాను.

"ఏమే, ఎవడు రాసిండు గది?"

"కంపెనోల్లు రాసిన్రు."

"ఆయిల్ లేకుంటే ఇంజన్ పట్టేస్తదే. నువ్వు మొన్న మొన్న చదువు నేర్సినవ్. నేను పదిహేనేండ్ల సంది కలుపుతున్న."

నేను పుస్తకం మూసి బియ్యం డబ్బా మీద పెట్టాను. తెల్లారి ఆయన సీసా తిప్పుతూ ఉంటే చూస్తూ నిలబడ్డాను. చదివినది తప్పు అనుకోలేదు. కాకపోతే పొద్దున్నే ఆ మనిషితో వాదం పెట్టుకునే ఓపిక నాకు లేదు. నాలుగింటికి లేచి మార్కెట్‌కు పోయేదానికి ఎంత ఓపిక మిగులుతుంది?

మొదటి సర్వీసుకు తీసుకెళ్లాను. ఆ తర్వాత వెళ్లలేదు. సర్వీసుకు పోయిన రోజు బేరం ఉండదు. ఏడాదిన్నర అలాగే గడిచింది.

కొత్త బండి మొదట్లో చప్పుడు లేకుండా పోయేది. కొన్ని నెలలకు వెనక నుంచి నీలం పొగ రావడం మొదలైంది. మార్కెట్ దగ్గర పాలు పోసే ఒకాయన నా పక్కనే బండి ఆపేవాడు. "ఏం వదినా, కొత్త బండికి కూడా దోమల మందు కొట్టిస్తున్నవా?" అని ఒకసారి నవ్వాడు. నేనూ నవ్వాను. నిజం చెప్పాలంటే ఆ పొగ చూస్తే నాకు భయం వేయలేదు. పాత బండి జీవితమంతా పొగ వదిలింది. బండి అంటే పొగ ఉంటుంది కదా అనుకున్నాను.

ప్లగ్గు రెండుసార్లు మసి పట్టి నల్లబడింది. గీకి, తుడిచి బిగించాను. ఒకరోజు మొగుడంపల్లి దారిలో ఎత్తుగా ఉండే ఎక్కు మీద, గంపలన్నీ నిండుగా ఉన్నాయి, ఇంజన్‌లో రాళ్లు వేసి ఊపినట్టు చప్పుడు మొదలైంది. ఇంకాస్త దూరం పోతే చాలనుకుని యాక్సిలేటర్ తిప్పాను. బండి కిర్రుమని ఆగింది. కిక్కు దిగలేదు. కాలితో ఎంత తొక్కినా రాయిని తొక్కినట్టే ఉంది.

కూరగాయల ఆటోలో వెళ్లే మనిషి ఒకాయన నన్నూ గంపలనూ బండినీ ఎక్కించుకుని జహీరాబాద్ తీసుకొచ్చాడు. ఎండకు ఆకుకూర వాడిపోయింది. మా పాత బండిని ఏళ్ల తరబడి చూసిన మెకానిక్ భాయ్ దగ్గర దించాడు. ఆయన గడ్డం తెల్లబడింది, వేళ్ల సందుల్లో మాత్రం నలుపు పోలేదు. నాకు అప్పుడు ఒకటే దిగులు. ఈ ఇంజన్ బతుకుతుందా? బతకకపోతే ఇంకో బండి కొనే శక్తి మాకు లేదు. నెత్తిన గంప పెట్టుకుని ఊళ్లు తిరిగే వయసూ దాటిపోయింది.

భాయ్ ఇంజన్ కింద బోల్టు విప్పి డబ్బా పెట్టాడు. తారు లాంటిది నాలుగు చుక్కలు రాలి ఆగిపోయింది.

"అక్కా, ఆయిల్ ఏది?"

"రోజూ పోస్తనే ఉన్నం భాయ్."

"ఎక్కడ పోస్తున్రు?"

"పెట్రోల్ల."

ఆయన పానా కింద పెట్టి నా వైపు చూశాడు. తిడతాడనుకున్నాను. "యా అల్లా," అని మాత్రం అని, ఒక పాత పిస్టన్ తెచ్చి చేతిలో పెట్టుకుని చెప్పాడు.

"సూడు. పాత బండిల పిస్టన్ కింద ఉన్న జాగలకే ముందు పెట్రోల్ గాలి వస్తది. ఆడికెల్లి పైకి పోతది. గా జాగల ఆయిల్ నిల్వ పెట్టనీకి రాదు. గందుకే పెట్రోల్లనే కలుపుతం, పోతా పోతా తడుపుతది, కాలిపోతది. పొగ గదే. ఈ బండిల గట్ల కాదు. పెట్రోల్ పైకెల్లే వస్తది, పైకెల్లే పోతది. కింద ఆయిల్ చెరువు లెక్క ఉంటది. నువ్వు పైన పోసింది కిందికి రాదు అక్కా."

"మరి పొగ ఎందుకొచ్చింది?"

"మొదాల నువ్వు కలిపిన ఆయిల్ కాలింది. దాని మసి పిస్టన్ సుట్టున్న రింగులకు పట్టింది. రింగులు జామై కింది ఆయిల్ గూడ పైకొచ్చి కాలింది. టూ స్ట్రోక్‌ల పొగ మామూలు. దీంట్ల పొగ వచ్చిందంటే బీమారి. మీకు రెండు పొగలు ఒకటే లెక్క కనవడ్డయి."

ఆ మాట నా గుండెలో నాటుకుంది. బండి ఏడాది పాటు చెబుతూనే ఉంది. పుస్తకం అంతకు ముందే చెప్పింది.

పైభాగం విప్పి చూస్తే పిస్టన్ మీదా లోపలి గోడ మీదా నిలువునా గీతలు. పెట్రోల్ వచ్చే దారినీ పొగ పోయే దారినీ మూసి తెరిచే వాల్వుల మీద గడ్డకట్టిన మసి. వాల్వులను తొక్కే ఇరుసు కూడా ఆయిల్ అందక అరిగింది. బోరు కొట్టించాలి, సామాను హైదరాబాద్ నుంచి రావాలి, ఎనిమిది రోజులు పడుతుందన్నాడు.

"బతుకుతదా?"

"బతుకుతది. కింద బేరింగులు మంచిగనే ఉన్నయి. పాతదైతే గంటల విప్పి గంటల పెడుతుంటి. దాంట్ల వాల్వులు లేవు, ఏం లేవు. కానీ నెలకోసారి మసి గీకుడు, ప్లగ్గు కడుగుడు. దీంట్ల పెద్ద పని తక్కువసార్లు వస్తది, వస్తే మాత్రం గిట్ల నడుం ఇరుగుతది."

అప్పటిదాకా నడుపుకోమని తన దగ్గరున్న పాత టూ స్ట్రోక్ మోపెడ్ ఇచ్చాడు. కావాలంటే అదే ఉంచుకోమన్నాడు, దానికి గిరాకీ ఎవరూ లేరు.

ఇంట్లో మా ఆయనకు జరిగింది చెప్పాను. తెల్లారి అరువు బండికి ఆయిల్ కలుపుతూ, "గిదే ఉంచుకుందం. గా కొత్తది మనకు కలిసిరాలే," అన్నాడు.

ఎనిమిది రోజులు దాన్ని నడిపాను. కిక్కు కొట్టగానే ముందుకు దూకేది. భాయ్ చెప్పాడు, టూ స్ట్రోక్‌లో పిస్టన్ కింది పెద్ద ఇరుసు తిరిగిన ప్రతి చుట్టుకూ ఒకసారి మంట పడుతుందట, ఫోర్ స్ట్రోక్‌లో రెండు చుట్లకు ఒకసారే. అందుకే చిన్న ఇంజన్ అయినా దానికి ఆ ఉరుకు. కానీ ఆ ఉరుకు పరుగులో ఉన్నప్పుడే. గంపలతో ఎక్కు వస్తే దూరం నుంచే గట్టిగా తోలుకుని రావాలి. మధ్యలో గేదె అడ్డం వచ్చి కాస్త మందగిస్తే గొంతు పడిపోయేది. దిగి తోయాల్సి వచ్చేది. కొత్త బండి ఆ ఎక్కును ఎగరకుండా, మెల్లగా, ఎద్దులాగా లాగేది. దాన్ని నేను అప్పుడు గమనించలేదు, అలవాటైపోయింది. ఇప్పుడు సాయంత్రానికి అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయి, కొంగుకు పొగ వాసన. రోజుకు లీటరున్నర తాగే చోట రెండు లీటర్లు తాగుతోంది.

దాని గురించి అడిగితే భాయ్ అన్నాడు: "కాలిన పొగ బయటికి పోయే దారి, కొత్త పెట్రోల్ లోపలికొచ్చే దారి రెండు ఒకేసారి తెరుచుకుంటయి అక్కా. కాలకుండనే కొంత బయటికి పోతది. అటు పెట్రోల్ దండగ, ఇటు గాలి ఖరాబు. గందుకే సర్కార్ పొగ కానూన్లు గట్టిగ చేసింది, కంపెనీలు బంద్ జేసినయి. నేను ముప్పై ఏండ్లు గిదే నేర్సుకున్న. ఇప్పుడు వాల్వుల సందు కొలుసుడు కొత్తగ నేర్సుకున్న. ఏం జేస్త?"

ఆయనకూ అలసటే అనిపించింది. ఇద్దరం చాయ్ తాగాం.

తొమ్మిదో రోజు నా బండి తయారైంది. పక్కనే అరువు బండి. ఏది తీసుకుపోతావని భాయ్ అడగలేదు, నేనే తేల్చుకోవాలి. టూ స్ట్రోక్ ఉంచుకుంటే ఇంట్లో ఎవరికీ చిన్నతనం ఉండదు. ఆయన సీసా ఆయనకు ఉంటుంది. ఆ ఎక్కు మీద గంపలతో తోసేది మాత్రం నేను. అరువు బండి తాళం భాయ్ చేతిలో పెట్టాను.

ఇంటికి తెచ్చేసరికి మా ఆయన అరుగు మీద కూర్చున్నాడు. బండి ఆగాక వెనక్కి వంగి చాలాసేపు చూశాడు. పొగ లేదు.

"పెట్రోల్ పోయించినవా?"

"బంకుల పోయించిన. ఉత్తదే."

భోజనం దగ్గర ఆ ఊసు రాలేదు. నేనూ ఎత్తలేదు. నువ్వే తప్పు చేశావని అనడానికి నోరు రాలేదు. పుస్తకం చదివి మూసేసింది నేనే కదా.

మర్నాడు పొద్దున సమానంగా ఉన్న చోట బండిని స్టాండు వేసి, పక్కనున్న మూత విప్పి, దానికి ఉండే ఆయిల్ కొలిచే పుల్లను గుడ్డతో తుడిచి మళ్లీ ముంచి తీశాను. ఆయిల్ రెండు గీతల మధ్య ఉంది. వెలుతురులోకి పట్టుకుని ఆయనకు చూపించాను. కళ్లు చిట్లించి చూశాడు.

"గింతేనా?"

"గింతే. వారానికోసారి సూస్తే సాలట."

"మరి రోజూ?"

"రోజూ ఏం లేదు."

ఆయన ఖాళీ చేతులు మోకాళ్ల మీద పెట్టుకుని అటు తిరిగాడు. మార్కెట్‌కు ఆలస్యమవుతోంది. మూత బిగించి, కిక్కు కొట్టి బయల్దేరాను.