రెండు పేర్ల పోస్టు

బేకరీ ఆవిడకి ఫోన్లో పెట్టే పోస్టుకి నాలుగు లైన్లు రాయడానికి మూడు రోజులు పట్టింది. కేకు మీద క్రీము తిప్పినంత తేలిక కాదు మాటలు కూర్చడం.

అది ఆవిడా, ఆవిడ వదినా కలిసి ఇచ్చే తగ్గింపు ఆఫరు పోస్టు. వదినది పూలకొట్టు. ఒకప్పుడు ఈ బేకరీ కొట్లోనే కుడివైపు కేకులు, ఎడమవైపు పూలు ఉండేవి. తొమ్మిదేళ్లు ఒకే గల్లాపెట్టె, ఒకే ఫ్లాస్కు టీ. వాళ్ల మధ్య గొడవేమీ రాలేదు. వచ్చిందల్లా ఓవెన్ సెగ. పొద్దున తెచ్చిన లిల్లీలు మధ్యాహ్నానికే విచ్చుకుని వాలిపోయేవి. చివరికి వదిన నాలుగు వీధుల అవతల చల్లటి కొట్టు చూసుకుంది. రెండేళ్లయింది. ఇప్పుడు ఫోన్లో "తిన్నావా", "ఆఁ, తిన్నా" తప్ప మాటల్లేవు. వదిన కూర్చునే స్టూలు మాత్రం ఎడమవైపు అలాగే ఉంది. పిండి బస్తాకి చోటు చాలకపోయినా బేకరీ ఆవిడ దాన్ని ఎవర్నీ జరపనిచ్చేది కాదు.

అందుకే ఈ ఆఫరు ఆలోచన ఆవిడకి వచ్చింది. జనం కోసమని పైకి చెప్పింది గానీ, ఆవిడకి కావల్సింది వేరు. ఒక పోస్టు పైన ఇద్దరి పేర్లూ పక్కపక్కన కనబడాలి, పూర్వంలా.

వదినకి ముందే ఫొటో పంపింది. కేకు మీద గులాబీ రేకులు చల్లి తీసింది. వెంటనే ఫోను మోగింది.

"ఓసి పిచ్చిదానా, నా పూలకి పురుగుల మందు కొడతారే! కేకు మీద వేస్తావా? తినేవాళ్లు ఏమైపోవాలి?"

"ఫొటోకే కదా వదినా."

"ఫొటో చూసి అలాగే కావాలంటారు. పూలు పక్కన పెట్టు, పైన కాదు."

కోప్పడినా ఆ గొంతు ఎంత దగ్గరగా ఉందో! బేకరీ ఆవిడ రెండోసారి ఫొటో తీసి, పూలని కేకు పక్కన గాజు గ్లాసులో పెట్టింది. కింద ఇలా రాసింది:

"కేకు ఇక్కడ, పూలు మా వదిన దగ్గర. శని, ఆదివారాలు మాత్రమే. ఏ కొట్లో కొన్నా బిల్లు దాచుకోండి, రెండో కొట్లో చూపిస్తే పది శాతం తగ్గింపు. ఒక బిల్లుకి ఒక్కసారే. ఫొటోలో పూలు చూడ్డానికి, తినడానికి కాదు."

శనివారం పొద్దున పోస్టులో వదినని ట్యాగ్ చేసి, జతగా చేరమని ఆహ్వానం పంపింది. అవతలివాళ్లు ఒప్పుకుంటేనే ఇద్దరి పేర్లూ పైన వస్తాయి. ఫోను చూపిన మొదటి పేరునే నొక్కేసి కేకులు తీయడానికి ఓవెన్ దగ్గరికి వెళ్లిపోయింది.

పదింటికి ఒకావిడ వచ్చి కొట్టంతా కలయజూసింది. "పూలేవండీ?"

"పూలు ఇక్కడ కాదమ్మా."

"ట్యాగ్ నొక్కితే ఇదే చిరునామా చూపించిందే!"

ఆవిడ వెనకే ఇద్దరొచ్చారు, వాళ్లదీ అదే మాట. బేకరీ ఆవిడ చేతులు తుడుచుకుని ఫోను తీసింది. తొమ్మిదేళ్ల అలవాటు కొద్దీ వేలు నొక్కింది వదిన కొత్త కొట్టు పేరు కాదు, ఇద్దరూ కలిసున్నప్పటి పాత ఖాతా పేరు! అందులో ఇప్పటికీ ఈ కొట్టు చిరునామానే ఉంది.

తప్పు సరే, కానీ ఆహ్వానానికి ఒప్పుకోలు కూడా వచ్చేసింది. పోస్టు పైన బేకరీ పేరు, పక్కనే ఆ పాత పేరు. ఆ ఖాతా పాస్‌వర్డు ఒక్క వదిన దగ్గరే ఉంది.

వెంటనే ఫోను కలిపింది. "వదినా, పొరపాటైంది. నువ్వు చూసుకోకుండా ఒప్పేసుకున్నావా?"

"చూసుకునే ఒప్పుకున్నా. ఆ పేరు మీద రెండేళ్ల తర్వాత మళ్లీ ఫోను గంట మోగింది. వద్దనడానికి చెయ్యి రాలేదు."

"ఇంకా తీసెయ్యలేదా ఆ ఖాతా?"

"నువ్వు నా స్టూలు తీసేశావా?"

బేకరీ ఆవిడ ఎడమవైపు చూసింది. ముక్కు ఎగబీల్చింది.

"సరే, ఏడుపు ఆపి విను," అంది వదిన. "నువ్వు పోస్టు కింద నా కొట్టు చిరునామా చేర్చు. పాత ఖాతాలో నేను రెండు చిరునామాలూ పెడతా. అక్కడికొచ్చిన వాళ్లని వట్టి చేతుల్తో పంపకు, ఒక బకెట్ పూలు తెస్తున్నా."

"వాడిపోతాయి వదినా."

"గుమ్మం దగ్గర పెడితే ఒక గంట ఆగుతాయిలే."

వదిన వచ్చింది, స్టూలు మీద కూర్చుంది. ఇద్దరూ ఒకే ఫ్లాస్కులో టీ తాగారు. గంట తిరక్కుండానే లిల్లీలు విచ్చుకోవడం మొదలెట్టాయి. వదిన వాటిని చూసి బకెట్ అందుకుని లేచింది.

"ఇంకాసేపు కూర్చో."

"పూలు ఊరుకోవే."

వదిన వెళ్లాక స్టూలు కింద ఒక రేకు మిగిలింది. బేకరీ ఆవిడ పొద్దుగూకేదాకా అటువైపు ఊడవలేదు.