మీది గడియ

ఇప్పటికీ ఎవరింట్లోనైనా తలుపుకు గడియలు బిగించడానికి పోతే, ముందు ఆ ఇంటి ఆడవాళ్లను పిలుస్తాను. అందరిలో పొట్టిమనిషి ఎవరో చూసి, "అమ్మా, ఓపారి తలుపు కాడికొచ్చి చెయ్యి లేపు" అంటాను. నవ్వుతారు. వడ్లాయనకు తిక్క లేసిందంటారు. అననీ. ఆమె వేళ్లు అందిన చోటికి నాలుగు వేళ్లు కిందుగా బొగ్గుతో గీత పెడతాను. తలుపు పైకొసన వేసే మీది గడియ పిడి ఆ గీత దాటి పైకి పోకూడదు. గడియ ఎంత పొడుగుండాలో దాన్నిబట్టి చూసుకుంటాను. ఎంత తొందరున్న ఆసామి అయినా సరే, ఈ పని కాకుండా తూట్లు పెట్టే బర్మా చేతికి తీసుకోను.

ఈ బుద్ధి నాకు పుట్టుకతో రాలేదు. వచ్చిన తీరు చెప్తాను.

మాది లింగంపేట. నైజాం సర్కారు రోజులు. నాకప్పుడు ముప్ఫై నిండలేదు, వడ్రంగంలో నన్ను మించినవాడు ఎల్లారెడ్డి దాకా లేడని పొగరు. పెళ్లయిన ఆరేళ్లకు మా ఇంటామె నెల తప్పింది. అంతకుముందు రెండు కాన్పులు నిలవలేదు. ఈసారన్నా బిడ్డ చేతికి రావాలని ఇద్దరం మొక్కని దేవుడు లేడు. ఆమెను కడవ ఎత్తనీయలేదు, రోకలి పట్టనీయలేదు. నీళ్లు నేనే తెచ్చేవాణ్ని. ఊళ్లో మగవాళ్లు నవ్వినా లెక్కచేయలేదు.

ఆ ఏడు నాట్ల కాలంలో ఊరంతా పొలాల మీదుంటే, పట్టపగలే రెండిండ్లలో దొంగలు పడ్డారు. గొళ్లేలు ఊడబెరికి బిందెలు, గంగాళాలు ఎత్తుకుపోయారు. ఒక ఇంట్లో బాలింత ఒక్కతే ఉంటే నోరు నొక్కి, మెడలో ఉన్నదంతా గుంజుకున్నారు. ఆ మాట విన్నాక నాకు కూడు సహించలేదు. నేను పని మీద ఊళ్లు తిరిగేవాణ్ని, ఇంట్లో ఆమె ఒక్కతే. ఇంటికున్న ఆ ఒక్క పాత తలుపు పీకేసి, మంచి టేకుతో ఒంటి రెక్క తలుపు చేశాను. ఊళ్లో అందరి తలుపులూ వంగి పోయేటంత పొట్టివి. నాది ఆరున్నర అడుగుల ఎత్తు. నేను ఆజానుబాహువును, నా ఇంట్లోకి నేను తల వంచి పోవడమేంటని.

గడియల కోసం కామారెడ్డి పోయాను. ఇనుప సామాను రైల్లో అక్కడికే దిగేది. దుకాణం సేటు మూడు రకాలు ముందు పెట్టాడు. బయటికి ఆల్‌డ్రాప్, అంటే అడ్డంగా జరిగే లావు కడ్డీ, తాళం వేసుకునేది. లోపల నడిమికి చిన్న అడ్డ గడియ. లోపల మీదికి టవర్ బోల్టు, నిలువుగా లేచి ద్వారబంధం పై అడ్డకర్రలోకి దూరేది. ఆ నిలువు గడియల్లో ఎనిమిదంగుళాలది ఒకటి, మూరెడు పొడుగుది ఒకటి.

"మీదికి మూరెడుది కొండవో" అన్నాడు సేటు. "పొడుగుంటే పిడి కిందికొస్తది. ఇంట్ల ఆడోళ్లకు అందాలె గద."

"పొడుగుది వంగుతది సేటూ. పొట్టిది చూడు, కడ్డీ ఎంత లావున్నదో. నలుగురు భుజం పెట్టి తోసినా కదలది."

"కొన కాడ కట్టు గట్టిగ బిగిస్తే పొడుగుది గూడ వంగదయ్యా. నీకు నేను చెప్పాల్నా?"

చెప్పాల్సిందే. నేను వినాల్సిందే. కానీ నేను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. అంత దూరం వచ్చినవాణ్ని, తలుపు ఎత్తెంత, నా భుజం దాకా కూడా రాని ఇంటామె ఎత్తెంత అని ఒక్కసారి మనసులోనైనా కొలుచుకోలేదు. దొంగ భుజం ఒక్కటే కళ్లముందుంది. ఎనిమిదంగుళాలవే రెండు మూట కట్టించుకున్నాను.

బిగించే రోజు పక్కింటి అవ్వ వచ్చి కూర్చుంది. మా ఇంటామెకు తల్లి లేదు, ఆ అవ్వే పెద్దదిక్కు. మీద ఒక గడియ, కింద గడపలోకి దిగేట్టు ఇంకొకటి పెడదామని నేను బర్మా గడప మీద పెట్టానో లేదో, అవ్వ లబలబలాడింది.

"అయ్యో, అయ్యో! పసుపు రాసే గడపరా అది. ఇంట్ల కడుపుతోనున్న మనిషుండంగ గడపకు తూటు వెడ్తవా? నీ చేతులు పాడుగాను, తియ్యి!"

రెండు కాన్పులు పోయిన ఇల్లు. బర్మా తీసేశాను. కింది గడియ మానేసి, బరువంతా మీది దాని మీదే వేశాను. ద్వారబంధంలో అంగుళమున్నర లోతు తొలిచి, తూటు చుట్టూ ఇనుప రేకు కొట్టాను. ఆల్‌డ్రాప్‌కు మామూలు మరలు వేయలేదు. బయటి నుంచి విప్పుకుంటారని తలుపు ఇటునుంచి అటు బోల్టులు దూర్చి, లోపల నట్లు బిగించి, కొనలు సుత్తితో నలగ్గొట్టాను. నడిమి అడ్డ గడియ గాలికి, కుక్కలకు మాత్రమే. చిన్న మరల మీద నిలబడేది, ఒక్క తన్నుకు ఊడిపోతుంది. ఆ మాట ఇంటామెకు గట్టిగా చెప్పాను.

"నేను లేనప్పుడు నడిమి గడియను నమ్ముకోకు. మీదిది ఎయ్యాల్సిందే. పట్టపగలైనా సరే. నా మీద ఒట్టు."

"ఎస్తలే" అంది ఆమె.

నేను ఇంట్లో ఉన్నప్పుడు ఆ గడియ నేనే వేసేవాణ్ని, నేనే తీసేవాణ్ని. ఊరి నుంచి వచ్చి తలుపు కొడితే మాత్రం ఆమె తీయడానికి చాలాసేపు పట్టేది. ఎండలో నడిచొచ్చిన చిరాకులో అరిచేవాణ్ని. "తలుపు తియ్యనీకి గింతసేపేందే? నిద్రవోయినవా?" ఆమె చెమటలు తుడుచుకుంటూ, "పొయ్యి కాడున్న" అనేది. నాలుగు నెలలు నేను అరవడమూ, ఆమె అదే మాట చెప్పడమూ. థూ, నా బతుకు.

ఆమెకు ఎనిమిదో నెల. వరికోతలు మొదలయ్యాయి. నేను ఎల్లారెడ్డిలో ఒక షావుకారి ఇంటికి ఆల్‌డ్రాప్ బిగిస్తున్నాను. బోల్టు కొనలు ఎందుకు నలగ్గొట్టాలో ఆయనకు వివరించి చెప్తున్నాను కూడా. అంతలో మా ఊరి బండాయన వాకిట్లో నిలబడి, "జల్ది నడువన్నా, వదినె పడ్డది" అన్నాడు. సామాను అక్కడే పడేసి పరుగెత్తాను.

జరిగింది అవ్వ చెప్పింది. పొయ్యి రాజేసుకోవడానికి నిప్పు కోసమని మధ్యాహ్నం మా ఇంటికొచ్చి పిలిచిందట. "వస్తున్న అవ్వా" అని లోపలి నుంచి పలికిందట మా ఇంటామె. ఏదో బరువైనది దొర్లుతున్న చప్పుడు. తర్వాత ధబ్బున పడ్డ చప్పుడు. అమ్మా అని ఒక్క కేక.

అవ్వ తలుపు గుద్దింది, భుజంతో తోసింది. నేను చేసిన తలుపు కదులుతుందా? వీధిలో మగపురుగు లేదు, అందరూ కోతల మీదున్నారు. ముసలిది పొలాలకు ఉరికి ఇద్దర్ని పిల్చుకొచ్చింది. వాళ్లు గడ్డపార పెట్టారు. నడిమి గడియ మొదటి దెబ్బకే ఊడింది, మీదిది ఇసుమంతైనా చలించలేదు. చివరికి ఒకాయన ఇంటి మీదికెక్కి గూనపెంకలు తీసి లోపలికి దిగి, చెయ్యి చాపి గడియ తీశాడు. దొంగ రావాలనుకుంటే అట్లనే వచ్చేవాడు. ఇంత పనితనం తెలిసిన నాకు ఇంటి కప్పు గుర్తుకు రాలేదు.

నేను చేరేసరికి పొద్దు గూకుతోంది. బిడ్డ పుట్టింది, ఏడవలేదు. ఆడపిల్ల. అవ్వ పాతబట్టలో చుట్టి నా చేతుల్లో పెట్టింది. చేతులకు బరువే అనిపించలేదు.

తలుపు పక్కన నేను ఉలిపని చేసుకునే చింతమొద్దు ఒరిగి పడి ఉంది. దాని కింద పేడతో అలికిన నేల మీద గుండ్రటి గుంటలు. ఒకటి రెండు కాదు. వెనక గదిలో ఉండాల్సిన మొద్దును రోజూ తలుపు కాడికి దొర్లించుకొచ్చి, దానిమీదికెక్కి గడియ వేసేది, ఎక్కి తీసేది. నేను వచ్చి తలుపు కొడితే గడియ తీసి, నడిమి గడియ మీద తలుపు ఆపి, మొద్దును మళ్లీ వెనక గదిలోకి దొర్లించి, అప్పుడు తలుపు తెరిచేది. నేను అరిచిన ఆ కాసేపు ఆమె చేసిన పని అది. ఎనిమిదో నెల కడుపుతో.

నెత్తురు ఆగలేదు. బండిలో కామారెడ్డి తీసుకుపోతానంటే, కదిలిస్తే దారిలోనే పోతుందని మంత్రసాని అడ్డం పడింది. మూడో రోజు పొద్దున ఆమె కళ్లు తెరిచి నా వైపు చూసింది. అడగకూడదనుకుంటూనే అడిగాను.

"అందుతలేదని ఒక్క మాట చెప్తే ఏమైతుండెనే? ఒక్కపూటల మార్చకపోదునా?"

"ఎట్ల చెప్పాలె?" అంది. గొంతు సగం కూడా లేదు. "బిగించిన నాడు ఎంత మురిసినవ్ నువ్వు. వాడకట్టోళ్లందర్ని పిలిచి చూపెట్టినవ్. నా పెండ్లాం కోసం చేసిన అన్నవ్. ఆ మాటకు నాకు కడుపు నిండింది. మురిసినోణ్ణి పట్టుకుని అందదని ఎట్ల చెప్పాలె?"

కాసేపటికి చలిగాలి వస్తోందని, తలుపు వేయమని ఆమె అంది. లేచి వెళ్లి తలుపు మూశాను. అలవాటు కొద్దీ చెయ్యి పైకి పోయింది. మడమలు లేవలేదు, భుజం సాగలేదు. నా చేతికి ఆ గడియ ఇట్టే అందింది. దాన్ని పట్టుకునే నిలబడిపోయి, చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాను. వెనక నుంచి ఆమె, "ఏడువకు, ఊకో, ఏడువకు" అంటూనే ఉంది. మధ్యాహ్నానికి ఆ మాట కూడా ఆగిపోయింది.