నల్లగా కొట్టని చదరం

మాచర్ల టీచరమ్మ దొంగకు కట్టిన 1,840 రూపాయలు, వెనక్కి వచ్చిన కారం పార్సిల్‌కు నేను కట్టిన 150. మొత్తం 1,990 పోయాయి.

నరసరావుపేటలో కారం అమ్ముతాను. పంపినట్టు రుజువుగా పార్సిల్ లేబుల్ ఫొటో తీసి, కొనేవాళ్ల వాట్సాప్ గ్రూపులో పెడతాను. “పేరు, ఫోన్ నంబరు, అడ్రసు నల్లగా కొట్టి పెట్టు బాబాయ్, ఏం కాదు” అన్నాడు కొరియర్ ఏజెంటు. అలాగే కొట్టాను. బార్‌కోడ్‌లో ఉన్నది ట్రాకింగ్ నంబరు ఒక్కటే, కొట్టకపోయినా ఇబ్బంది లేదు. లేబుల్ మీది పెద్ద అక్షరాలు పార్సిల్ ఏ హబ్‌కు, అంటే కొరియర్ వాళ్ల ఏ గోడౌనుకు పోవాలో చెబుతాయి, అంతే. మూలనున్న క్యూఆర్ చదరాన్ని కూడా అలాగే వదిలేశాను.

గ్రూపులో ఎవడో దాన్ని స్కాన్ చేశాడు. కొరియర్ వాడినంటూ, కారం తెప్పించుకున్న టీచరమ్మకు ఫోన్ చేసి, పార్సిల్ అందాక కట్టాల్సిన డబ్బు ముందే కట్టించుకున్నాడు. అసలు డెలివరీ మనిషి వచ్చి మళ్లీ అడిగితే ఆమె పార్సిల్ తిప్పి పంపింది.

నేనూ స్కాన్ చేసి చూశాను. పేరు, ఫోన్ నంబరు, అడ్రసు, వసూలు చేయాల్సిన సొమ్ము అన్నీ తెరమీదకు వచ్చాయి. ఒళ్లు మండిపోయి ఏజెంటు ముందు ఫోన్ పెట్టాను.

“ఏందిరా ఇది?”

“అందులో ఇయ్యన్నీ ఉంటయ్యని నాకేం తెలుసు బాబాయ్?”

“తెలవనోడివి ఏం కాదని ఎట్టా చెప్పావురా?”

టీచరమ్మకు 1,840 నేనే ఇచ్చాను. ఏజెంటు మొత్తం ఇస్తానని పదిమందిలో ఒప్పుకుని, 500 చేతిలో పెట్టాడు. ఇంకా రావలసింది 1,490.